జాబ్ మేళా తర్వాత రాసే చిన్న ఉత్తరం

తమ్ముడూ,

రిక్రూటర్ మేడమ్‌కి పంపాలనుకున్న ఉత్తరం చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ 'మిమ్మల్ని కలవడం ఆనందంగా ఉంది, అవకాశం ఇస్తే కష్టపడి పనిచేస్తాను' అన్న మాటలు ఆ రోజు స్టాల్ ముందు లైన్లో నిలబడ్డ ఎవరైనా రాయొచ్చు. సాయంత్రానికి ఆవిడ దగ్గర రెజ్యూమెల కట్ట ఉంటుంది, మొహాలు మాత్రం గుర్తుండవు. నువ్వెవరో ఆవిడకు తట్టాలంటే మీ మధ్య నడిచిన మాట ఒకటి ఉత్తరంలో కనబడాలి.

ఆవిడ చెప్పినవాటిలో నువ్వు మూడు రాసుకొచ్చావు: వాళ్లబ్బాయి పరీక్షలు, కంపెనీ కొత్త ఆఫీసు, యాప్‌లో 'ధృవీకరణ విఫలమైంది' అని రాగానే పెద్దవాళ్లు భయపడి మూసేస్తున్నారన్న బాధ. మొదటిది సొంత విషయం, ఎత్తితే చనువు తీసుకున్నట్టుంటుంది. రెండోది వాళ్ల వెబ్‌సైట్లోనూ దొరుకుతుంది. మూడోది ఆవిడ నీతో చెప్పింది, పైగా తెలుగు కంటెంట్ రైటర్‌గా రేపు నువ్వు చేయబోయే పనే అది. దాన్నే పట్టుకో. ఇలా రాయొచ్చు:

"నమస్కారం మేడమ్. శనివారం మేళాలో తెలుగు కంటెంట్ రైటర్ ఉద్యోగం గురించి మీతో మాట్లాడాను. 'ధృవీకరణ విఫలమైంది' అని చూడగానే పెద్దవాళ్లు యాప్ మూసేస్తున్నారని చెప్పారు. 'ఓటీపీ సరిపోలేదు. మెసేజ్ చూసి మళ్లీ కొట్టండి' అని ఉంటే ఏం చేయాలో వాళ్లకు తెలుస్తుందేమో అనిపించింది. మీరు అడిగిన రెజ్యూమె జత చేశాను. రాత పరీక్ష పెడితే ఈ వారం ఎప్పుడైనా సిద్ధం."

చూడు, ఆవిడ మాట ఒక్క వాక్యమే, దానిమీద నీ ఆలోచన మరొకటి. ఇక్కడే ఆగాలి. ఉత్సాహంకొద్దీ యాప్‌లోని తప్పులన్నీ ఏరి పంపావంటే, ఆ తెలుగు రాసినవాళ్లు ఆవిడ పక్క సీట్లోనే ఉండొచ్చు. 'అనిపించింది' అన్నది అందుకే పెట్టాను. లోపలి కారణాలు మనకు తెలియవు కదా.

ఇంకోటి. గుర్తున్నంతవరకే రాయి. ఆవిడ అనని మాట ఆవిడ నోట పెడితే, అసలు ఏమీ గుర్తుచేయకపోవడం కన్నా చేటు. మేళాల్లో నాలుగు స్టాళ్లు తిరిగేసరికి ఎవరేమన్నారో కలిసిపోతుంది. అందుకే ఈసారి స్టాల్ దాటగానే విజిటింగ్ కార్డు వెనకాల రెండు ముక్కలు రాసుకో.

సబ్జెక్టు లైన్లో మేళా పేరు, ఉద్యోగం పేరు, నీ పేరు ఉంటే చాలు, తర్వాత వెతికినా దొరుకుతుంది. సోమవారం పొద్దున్నే పంపు. వారం దాకా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు రాసి ఒక్కసారి గుర్తుచెయ్యి. ఆపైన వదిలెయ్. పంపేముందు కార్డు చూసి ఆవిడ పేరు స్పెల్లింగ్ సరిచూసుకో, నీ ప్రతిలో ఒక అక్షరం పోయింది.

ఆశీస్సులతో,
అన్న