స్టీరింగ్ కమిటీ మినిట్స్ పైన పెట్టే సమ్మరీ ఎలా రాయాలి?

ప్రశ్న: బల్లార్‌పూర్ దగ్గర ప్రాజెక్టు ఆఫీసులో పనిచేస్తున్నాను. స్టీరింగ్ కమిటీ మినిట్స్ నేనే రాస్తాను, పదిహేను పేజీల దాకా వస్తాయి. పైన ఎగ్జిక్యూటివ్ సమ్మరీ పెడుతున్నా పెద్దసార్లు ఫోన్ చేసి "ఇంతకీ ఏం తేలింది?" అంటున్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు: నేనూ ఇదే పని చేస్తాను, ఇటు రాయగడ వైపు. మీ సమ్మరీ చూడలేదు కానీ, అది అజెండా వరుసలోనే ఉండి ఉంటుందని నా అనుమానం. "సివిల్ పనుల పురోగతిని సమీక్షించారు, పంపుల సరఫరాపై చర్చించారు" అని రాస్తే మీటింగ్‌లో ఏ విషయాలు వచ్చాయో తెలుస్తుంది, ఏం తేలిందో తెలియదు. మీ డ్రాఫ్ట్‌లో "చర్చించారు", "సమీక్షించారు" అన్న వాక్యాలన్నీ కొట్టేసి చూడండి. ఇంకేమీ మిగలకపోతే, ఆ ఫోన్లు అందుకే వస్తున్నాయి.

మా ప్రాజెక్టు నీటి శుద్ధి ప్లాంటు విస్తరణ. ఒక మీటింగ్‌లో పంపుల సంగతే మూడు పేజీలు తినేసింది. సప్లయర్ ఆలస్యం చేశాడు. అద్దె పంపులు పెట్టుకోవాలి, లేదంటే ప్లాంటు ప్రారంభం జూన్ 15 నుంచి జూలై 31కి వెళ్తుంది. ఛైర్మన్ అద్దెకు సరేనన్నారు, కానీ డబ్బు కంటింజెన్సీలోంచి వస్తుందని ఫైనాన్స్ చెప్పాలన్నారు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి సమ్మరీలో ఇలా రాశాడు:

"పంపుల ఆలస్యంపై సుదీర్ఘంగా చర్చించిన అనంతరం, అద్దె పంపుల ప్రతిపాదనకు కమిటీ సూత్రప్రాయంగా అంగీకరించింది."

దీన్ని చదివి పర్చేజ్ వాళ్ళు ఆర్డర్ పెట్టడానికి తయారైపోతారు. ఫైనాన్స్ వాళ్ళు ఇంకా ఆమోదం రాలేదనుకుని కూర్చుంటారు. ఇద్దరినీ తప్పు పట్టలేం. పంపే ముందు దాన్ని ఇలా మార్చాం:

"నిర్ణయం: అద్దె పంపులకు రూ. 38 లక్షల వరకు ఆమోదం. షరతు: డబ్బు కంటింజెన్సీలోంచి ఇస్తామని ఫైనాన్స్ హెడ్ మే 12 లోగా రాతపూర్వకంగా తెలపాలి. అప్పటిదాకా ఆర్డర్ పెట్టకూడదు. తెలపకపోతే ప్రారంభం జూలై 31కి మారుతుంది. వివరాలు పేరా 7.4లో."

ఎవరు, ఎంత, ఎప్పటిలోగా, జరగకపోతే ఏమవుతుంది అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. షరతుతో వచ్చిన ఆమోదం దగ్గరే సమ్మరీలు ఎక్కువగా దెబ్బతింటాయి, ఎందుకంటే కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేది షరతే. వాయిదా పడిన అంశమైతే ఏ మీటింగ్‌కి వాయిదా పడింది, ఈలోపు ఎవరు ఏం తేవాలి అన్నది రాస్తే చాలు. ఎవరు ఎవరితో వాదించారన్నది సమ్మరీలోకి రాకూడదు. కానీ ఎవరైనా తమ అసమ్మతిని రికార్డు చేయమని అడిగితే ఒక ముక్క పెట్టాల్సిందే. లేకపోతే మీటింగ్‌కి రాని వాళ్ళు అందరూ ఒప్పుకున్నారనుకుంటారు.

అన్నిటికంటే పైన ప్రాజెక్టు పరిస్థితి ఒక్క వాక్యంలో ఉండాలి: "బడ్జెట్ పరిమితిలోనే ఉంది, ప్రారంభ తేదీ మాత్రం పంపుల మీద ఆధారపడి ఉంది" అన్నట్టు. దాని కింద చదివేవాళ్ళు చేయాల్సిన పనులు హోదాల వారీగా, ఆ తర్వాత మిగతా నిర్ణయాలు. అర పేజీ దాటనివ్వకండి. ఇదంతా మెయిల్‌లోనే కనిపించాలి. కారులో ఫోన్ చూసుకునే మనిషి అటాచ్‌మెంట్ తెరుస్తాడని నేనైతే నమ్మను.

ఇంత స్పష్టంగా రాయాలంటే మీటింగ్‌లోనే స్పష్టత తెచ్చుకోవాలి. మా దగ్గర సైట్ ఇంజనీర్లు ఒడియాలో, కాంట్రాక్టర్లు తెలుగులో, హెడ్డాఫీసు వాళ్ళు హిందీలో మాట్లాడతారు, మినిట్స్ ఇంగ్లీషులో వెళ్తాయి. మీ దగ్గర ఒడియా బదులు మరాఠీ ఉంటుందేమో, అంతే. అందుకే ఒక్కో అంశం అయిపోగానే "సార్, నిర్ణయం ఇలా రాసుకుంటున్నాను" అని పైకి చదివేస్తాను. మొదట్లో మొహమాటంగానే ఉంటుంది. కానీ పైన చెప్పిన 38 లక్షల పరిమితి అలా చదివినప్పుడే తేలింది, అప్పటిదాకా ఎవరూ అంకె చెప్పలేదు. ఈ నిర్ణయాలను ఆ సాయంత్రమే రాసేసి, పూర్తి మినిట్స్ తర్వాత మొదలుపెడతాను.

ఇంకో చిక్కుంది. డ్రాఫ్ట్ పంపాక సవరణలు వస్తాయి. ఛైర్మన్ పేరా 7.4లో 38ని 35 చేస్తే లోపల మార్చేస్తాం, పైన సమ్మరీలో పాత అంకే ఉండిపోతుంది. అసలు రికార్డు లోపలి మినిట్సే అయినా, అందరూ చదివేది పైదే. కాబట్టి ప్రతి సవరణ తర్వాత సమ్మరీలోని ప్రతి అంకెనూ తేదీనీ పేరా నంబరు పట్టుకుని లోపలితో సరిచూడండి. లోపల లేని మాట పైన ఒక్కటి కనిపించినా తీసేయండి.