సర్వశక్తి కాదు, సంపూర్ణ సామర్థ్యం

సందేహం: మా అబ్బాయి ఇంటర్ నోట్సులో టోటిపొటెన్సీ పక్కన 'సర్వశక్తి' అని రాసుకున్నాడు. అది సరైన మాటేనా అండీ? మేం వేసిన టిష్యూ కల్చర్ అరటిని 'ఒకే కణం నుంచి పుట్టిన మొక్క' అనొచ్చా? – ఒక రైతు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: సర్వశక్తి వద్దండీ. సర్వశక్తిమంతుడు అని మనం దేవుణ్ణి అంటాం, ఏదైనా చేయగలవాడని. పైగా సౌరశక్తి, విద్యుచ్ఛక్తి అని చదువుకునే పిల్లలకు సైన్సులో శక్తి అనగానే ఎనర్జీ గుర్తొస్తుంది. ఇంగ్లిషు మాటలోని 'టోటి' లాటిన్ నుంచి వచ్చింది, దానికి అర్థం 'మొత్తం'. అంటే టోటిపొటెన్సీ ఉన్న కణం ఏదైనా చేయగలదని కాదు, వేరు, కాండం, ఆకు, పువ్వుతో సహా తన జాతి మొక్కను మొత్తంగా తయారుచేసుకోగలదని. అందుకే నేను 'సంపూర్ణ సామర్థ్యం' అంటాను. సామర్థ్యం లోపల ఉండి కూడా బయటపడకపోవచ్చు, ఇక్కడి సంగతి సరిగ్గా అదే.

'మొక్కలోని ప్రతి కణానికీ ఈ సామర్థ్యం ఉంది' అని కూడా రాస్తుంటారు, అదీ తప్పే. చెట్టులో నీళ్లు మోసే గొట్టాల కణాలు పని మొదలుపెట్టేసరికే చచ్చిపోయి ఉంటాయి. ఆహారం మోసే జల్లెడ నాళాల కణాలు బతికే ఉంటాయి గానీ వాటిలో కేంద్రకం ఉండదు. మొక్క తయారీకి కావలసిన సమాచారమంతా ప్రధానంగా కేంద్రకంలోనే ఉంటుంది కాబట్టి 'కేంద్రకం ఉన్న సజీవ కణానికి' అని రాస్తే సరిపోతుంది.

ఇక 'ఒకే కణం' అన్న మాట. దీన్ని ఎంత జాగ్రత్తగా వాడాలో చూడండి. 1902లో హేబర్లాండ్ట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త విడి కణాలను పెంచి చూశాడు, అవి కొన్నాళ్లు బతికాయి గానీ విభజన చెందలేదు. 1958లో అమెరికాలో స్టీవర్డ్ బృందం క్యారెట్ దుంపలోని ముక్కలను కొబ్బరినీళ్లు కలిపిన ద్రవంలో తిప్పుతూ పెంచింది. అవును, మీ ఉద్దానంలో బొండాం కొట్టి తాగే ఆ నీళ్లే! వాటిలో సైటోకైనిన్ అనే రకం హార్మోన్లు ఉంటాయి, కణాలను విభజనకు పురికొల్పేవి అవే. ముక్కల నుంచి విడిపోయిన కణాలు పెరిగి క్యారెట్ మొక్కలయ్యాయి. కానీ అక్కడ విడి కణాలతో పాటు చిన్న చిన్న గుంపులు కూడా ఉన్నాయి, ఈ మొక్క ఫలానా ఒక్క కణం నుంచే వచ్చిందని వేలు పెట్టి చూపించడానికి లేదు. 1965లో విమ్లా వాసిల్, హిల్డెబ్రాండ్ట్ ఒక పొగాకు కణాన్ని వేరుచేసి, చిన్న ద్రవపు బొట్టులో విడిగా ఉంచి, అది రెండుగా, ఆపైన ముద్దగా మారడాన్ని మైక్రోస్కోపులో గమనిస్తూ చివరికి పూర్తి మొక్కను పెంచారు. అప్పుడు గానీ 'ఒకే కణం నుంచి' అనే మాటకు గట్టి ఆధారం దొరకలేదు.

ఆ ముద్దనే కాలస్ అంటారు. రాట్నం తిప్పి తిప్పి చేతికి కాయ కాసింది అంటామే, ఇంగ్లిషులో దానికీ అదే పేరు. అయినా మొక్కల విషయంలో 'కాయ' అంటే గందరగోళం, 'కణాల ముద్ద' అంటే చాలు. ఆ ముద్ద ఎటు పోవాలో చెప్పేది హార్మోన్ల పాళ్లు. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కాండం లోపలి మెత్తని భాగంతో దీన్ని చూపించారు. ఆక్సిన్ అనే మరో హార్మోను సైటోకైనిన్ కంటే సుమారు వంద రెట్లు ఉంటే వేర్లు వస్తాయి, పది రెట్లుంటే ముద్ద ముద్దగానే పెరుగుతుంది, నాలుగు రెట్లకు దిగితే చిగుళ్లు పుడతాయి. చూశారా, నాలుగు రెట్లంటే చిగుళ్ల దగ్గర కూడా ఆక్సినే ఎక్కువ. అందుకని 'సైటోకైనిన్ ఇస్తే చిగురు, ఆక్సిన్ ఇస్తే వేరు' అని రాయకూడదు, 'సైటోకైనిన్ వంతు పెరిగితే చిగురు' అని రాయాలి. ఈ అంకెలు పొగాకువి, ప్రతి మొక్కకూ ఇవే పనిచేయవు. క్యారెట్ కణాలకు నీళ్లిచ్చి సాయపడిన కొబ్బరే ఈ పద్ధతికి అంత సులువుగా లొంగదు, ముక్కలు గోధుమరంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంటుంది.

మీ అరటి సంగతి. దాన్ని ఒకే కణం నుంచి పెంచరు. పిలక పై పొరలు ఒలిచి, లోపలి మొవ్వు కొనను కోసి తీసి, సైటోకైనిన్ ఉన్న జెల్లీలో పెడతారు. దాని పక్కల నుంచి చిగుళ్లు పుడుతుంటే వాటిని విడదీసి మళ్లీ మళ్లీ పెంచి, చివర్లో వేర్లు వేయిస్తారు. మొవ్వులో చిగురు ముందే ఉంది కాబట్టి, కణం తన పాత పని వదిలేసి మొదటి నుంచి మొక్కను కట్టాల్సిన అవసరం అక్కడ లేదు. ఈ విడదీయడం మరీ ఎక్కువ తడవలు చేస్తే తోటలో అక్కడక్కడ గిడసబారిన మొక్కలు కనిపిస్తాయి, ఆకులు పొట్టిగా, దగ్గరదగ్గరగా వస్తే అనుమానించాలి. తెలుగులో దీన్ని 'కణజాల వర్ధనం' అంటారు. జాలం అంటే సముదాయం. మీ అరటికి ఆ పేరు అక్షరాలా సరిపోతుంది, 'ఒకే కణం' అన్నది మాత్రం ఆ పొగాకు మొక్కలాంటి వాటికే ఉంచండి.