ఫ్యూచర్స్‌లో లాభం, మొత్తం మీద నష్టం: గామా స్కాల్పింగ్‌లో తేడా ఎక్కడ?

*సార్, మాది మిర్యాలగూడ, బియ్యం వ్యాపారం. నిఫ్టీ 25,000 దగ్గర ఉన్నప్పుడు నెల గడువున్న 25,000 కాల్, పుట్ పది లాట్ల చొప్పున కొన్న. రెండూ కలిపి 915 రూపాయలు పడ్డది. పెరిగితే ఫ్యూచర్స్ అమ్ముడు, తగ్గితే కొనుడు, గడువు దాకా ఇదే చేసిన. ఫ్యూచర్స్‌ల చాలా రోజులు లాభమే కనబడ్డది. కానీ చివరకు లక్షా డెబ్బై వేలు పోయినయి. మార్కెట్ ఎటు పోయినా లాభమే అన్నరు. ఎక్కడ తప్పు జరిగింది?*

మీరు చేసిన ఈ పనినే గామా స్కాల్పింగ్ అంటారు. తప్పు ఫ్యూచర్స్ అమ్మకాల్లో లేదు, ఆప్షన్లు కొన్న ధరలో ఉంది. మీరు ఇచ్చిన అంకెలతోనే అది చూపిస్తాను. లాట్‌కు 75 లెక్కన పది లాట్లంటే 750 కాల్, పుట్ జతలు. లాట్ సైజును ఎక్స్ఛేంజ్ అప్పుడప్పుడు మారుస్తుంది కాబట్టి మీ కాంట్రాక్ట్ నోట్‌లో వేరే అంకె ఉంటే దాంతో లెక్క కట్టుకోండి. ఫ్యూచర్స్ ధర, ఇండెక్స్ ఒకటేనని అనుకుందాం.

ముప్పై రోజుల గడువుకు ఆ జతకు 915 రూపాయలు ఇచ్చారంటే, ఏడాదికి 16 శాతం ఊగిసలాటకు ధర కట్టారన్నమాట. ఇంప్లైడ్ వొలటాలిటీ అంటే ఇదే. ఏడాదిలో ట్రేడింగ్ రోజులు దాదాపు 252. దాని వర్గమూలం సుమారు 16. కాబట్టి 16 శాతం అంటే రోజుకు ఒక శాతం, అంటే 250 పాయింట్ల కదలిక. నిఫ్టీ సగటున రోజుకు అంత కదిలితే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఆ కదలిక కోసం మీరు రోజూ కిరాయి కడుతున్నారు. కోత మిషన్‌ను రోజు కిరాయికి తెచ్చుకుంటే, పొలం కోసినా కోయకున్నా కిరాయి పడుతుంది కదా, ఇదీ అంతే. మొదటి రోజుల్లో మీ జతకు ట్రేడింగ్ రోజుకు దాదాపు 22 పాయింట్లు తరుగుతాయి. 750 జతలకు అది 16,500 రూపాయలు. దీన్నే థీటా అంటారు.

కదలిక నుంచి వచ్చేది గామా రాబడి. నిఫ్టీ ఒక్క పాయింట్ కదిలితే జత ధర ఎంత మారుతుందో చెప్పేది డెల్టా, పాయింట్‌కు ఆ డెల్టా ఎంత మారుతుందో చెప్పేది గామా. మీ జత గామా సుమారు 0.0007. దాన్ని సగం చేసి, కదిలిన పాయింట్ల వర్గంతో గుణిస్తే ఆ రోజు రాబడి వస్తుంది. 250 పాయింట్లు కదిలితే దాదాపు 22 పాయింట్లు, అంటే కిరాయికి సరిపోతుంది. 125 కదిలితే రాబడి సగం కాదు, పావు వంతే, 4,100 రూపాయలు. 400 కదిలితే మాత్రం 42,000. అందుకే ఈ పనిలో రెండు మందకొడి రోజుల నష్టాన్ని ఒక్క పెద్ద రోజు పూడ్చగలదు. ఆ పెద్ద రోజు రాకపోతే మాత్రం పూడ్చేది ఏదీ లేదు.

ఇప్పుడు మీ ఫ్యూచర్స్ లాభం సంగతి. నిఫ్టీ 145 పాయింట్లు కదిలితే మీ 750 జతల డెల్టా దాదాపు 75 మారుతుంది, అంటే ఒక ఫ్యూచర్స్ లాట్. నిఫ్టీ 25,145కు వెళ్లినప్పుడు ఒక లాట్, 25,290 దగ్గర ఇంకో లాట్ అమ్మారనుకోండి. తిరిగి దిగుతుంటే 25,145లో ఒకటి, 25,000లో ఒకటి కొన్నారు. ఒక్కో లాట్‌పై 145 పాయింట్ల చొప్పున మొత్తం 21,750 రూపాయల లాభం. ఇది ఒక్క రోజులో జరిగితే 16,500 కిరాయి పోను 5,250 మిగులుతుంది. ఇదే ఎక్కి దిగడానికి రెండు రోజులు పడితే కిరాయి 33,000, మీకు 11,250 నష్టం. రెండు సందర్భాల్లోనూ ఫ్యూచర్స్ ఖాతాలో అదే 21,750 కనిపిస్తుంది. మీరు ఆ ఖాతానే చూసి లాభమనుకున్నారు. ఆప్షన్ల విలువ, ఫ్యూచర్స్ లాభనష్టం కలిపిన ఒకే అంకెను రోజూ సాయంత్రం రాసుకుని ఉంటే మొదటి వారంలోనే విషయం తెలిసేది.

ఆ 5,250 కూడా పూర్తిగా మీది కాదు. ఫ్యూచర్స్ అమ్మకంపై ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను మొత్తం కాంట్రాక్ట్ విలువ మీద పడుతుంది. ఒక లాట్ విలువ 18.75 లక్షలు కాబట్టి, ప్రతి 0.01 శాతానికి 188 రూపాయలు. రేటు బడ్జెట్‌లలో మారుతుంటుంది, మీ నోట్‌లో చూడండి. ప్రతి 30, 40 పాయింట్లకు ఇలా ఫ్యూచర్స్ అమ్మి, కొని హెడ్జ్ చేయాలనుకునేవారి రాబడి ఇక్కడే కరిగిపోతుంది.

మీ నష్టమే అసలు కథ చెబుతోంది. లక్షా డెబ్బై వేలను 750తో భాగిస్తే జతకు దాదాపు 227 పాయింట్లు. 915ను 16తో భాగిస్తే, ఒక్క శాతం వొలటాలిటీకి జతలో 57 పాయింట్ల ధర ఉందని తెలుస్తుంది. అంటే మీరు దాదాపు 4 శాతం ఎక్కువకు కొన్నారు. 16కు కొన్నారు, మార్కెట్ మీకు ఇచ్చింది సుమారు 12. అదే రియలైజ్డ్ వొలటాలిటీ. రోజుకు 250 పాయింట్లు కావాల్సిన చోట 190 దగ్గరే కదిలింది. ఒకవేళ అది 20 అయ్యుంటే ఇంచుమించు ఇంతే లాభం వచ్చేది.

ఈ లెక్క కొనే ముందే చేయాలి. 22 రోజుల ముగింపు ధరలను ఎక్సెల్‌లో B2 నుంచి B23 వరకు వేసి, మొదటి సూత్రాన్ని C3 నుంచి C23 దాకా లాగండి. తర్వాత రెండోది ఏదైనా ఖాళీ గడిలో వేయండి.

```
=LN(B3/B2)
=SQRT(SUMSQ(C3:C23)/21*252)*100
```

వచ్చిన అంకెను ఆప్షన్ చైన్‌లోని IV, అంటే ఇంప్లైడ్ వొలటాలిటీతో పోల్చండి. ఇది గడిచిన నెల లెక్కే, వచ్చే నెల హామీ కాదు. అయినా గడిచిన నెల 12 ఉండి, ఆప్షన్ 16 అడుగుతుంటే, వచ్చే నెల మారుతుందనడానికి మీ దగ్గర గట్టి కారణం ఉండాలి. బడ్జెట్, ఎన్నికల ఫలితాల వంటి కారణాలు అందరికీ తెలిసినవే కాబట్టి ధరలో అప్పటికే కలిసిపోయి ఉంటాయి. ఇండెక్స్ ఆప్షన్లలో ఇంప్లైడ్ సగటున రియలైజ్డ్ కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు కొనేవారికి ఆ ఎదురుగాలి తప్పదు.

రియలైజ్డ్ ఎక్కువగా వచ్చినా లాభం రాని సందర్భం ఒకటుంది. గామా 25,000 చుట్టూనే బలంగా ఉంటుంది. నిఫ్టీ మెల్లగా 26,200కు చేరుకుని, గడువు దగ్గరపడ్డాక అక్కడ ఊగితే ఆ ఊపు మీకు పెద్దగా అందదు. అలాంటప్పుడు పాత జతను అమ్మి, కొత్త స్ట్రైక్‌కు మారాలా అన్నది అప్పటి IV చూసి తేల్చుకోవాలి. ఇందుకు విరుద్ధంగా, గడువుకు అయిదు రోజులున్నప్పుడు నిఫ్టీ 25,000 దగ్గరే ఉంటే గామా దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అప్పుడు 145 కాదు, 60 పాయింట్లకే ఒక లాట్ హెడ్జ్ చేయాలి. కిరాయి కూడా అదే రెట్లలో పెరుగుతుంది.

పది లాట్లు తగ్గించి ఒక్క లాట్‌తో చేద్దామనుకోకండి. ఒక్క లాట్ జతకు మొదట్లో ఫ్యూచర్స్ లాట్‌కు సరిపడా డెల్టా రావాలంటే నిఫ్టీ 1,400 పాయింట్లకు పైగా కదలాలి. మధ్యలో హెడ్జ్ చేసే వీలే ఉండదు. వడ్లు కొనే సీజన్‌లో తిప్పాల్సిన 6.86 లక్షలు ప్రీమియంలో పెట్టగలిగితేనే నడిచే పని ఇది. ఆ సొమ్ము దీనికి సరైనది కాదని నా అభిప్రాయం.

పోయిన డబ్బు విషయంలో ఒక పని వెంటనే చేయండి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజ్‌లో ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని స్పెక్యులేషన్ కాని వ్యాపార నష్టంగా చూస్తారు. అదే ఏడాది మీ బియ్యం వ్యాపార లాభంలోంచి దాన్ని తీసేయవచ్చు. ఇంకా మిగిలితే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు, కాకపోతే గడువు తేదీలోపు రిటర్న్ వేయాలి. ఆప్షన్లు, ఫ్యూచర్స్ రెండింటి పూర్తి స్టేట్‌మెంట్ మీ ఆడిటర్‌కు ఇవ్వండి.