ఫోటోలో కళ్లు పచ్చగా కనిపిస్తే

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన ఫోటో గురించి పొద్దున ఫోన్లో హడావుడిగా చెప్పాను. ఇప్పుడు నెమ్మదిగా రాస్తున్నాను. "పెద్దమ్మా, అత్తయ్యకి కామెర్లేమో" అని నువ్వెంత టెన్షన్ పడ్డావో నాకు తెలుసు.

ఆ ఫోటోలో నేను ముందు చూసింది కన్ను కాదు. కింద మూలన దిండు గలీబు అంచు కాస్త పడింది. ఆ గలీబు తెల్లదని నాకు తెలుసు, సంక్రాంతికి నేనే తెచ్చాను. ఫోటోలో మాత్రం పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. కంటి తెల్లగుడ్డుదీ అదే రంగు. రెండూ ఒకేలా పచ్చబడ్డాయంటే ఆ పసుపు కంటిది కాక వెలుతురుది అయ్యుండొచ్చు.

మీ పడగ్గది బల్బు పెట్టె చూడు, 2700K అనో 3000K అనో ఉంటుంది. అది పసుపు వెలుతురు. పగటి వెలుతురు 5500K, ఆ పైన. మనం గదిలో కూర్చుంటే కళ్లు ఆ పసుపుకి అలవాటు పడి గోడ తెల్లగానే కనిపిస్తుంది. ఫోన్ మాత్రం ఫ్రేములో ఉన్నవాటిని బట్టి వెలుతురు రంగు అంచనా వేస్తుంది. దగ్గర నుంచి తీస్తే ఫ్రేమంతా చర్మం, కన్నే. అందులో తెల్లనిదేదో దానికి తెలియదు, అంచనా తప్పుతుంది. పైగా మీ గది పరదాలు ఆవపిండి రంగువి, వాటి మీద పడిన వెలుతురు కూడా ముఖం మీదికే వస్తుంది. ఇంకొకటి, రాత్రిపూట నీ ఫోన్ తెర పసుపుగా మారే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మంచి ఫోటో కూడా పచ్చగానే కనిపిస్తుంది. చూసేముందు దాన్ని ఆపు.

పొద్దున నీచేత మళ్లీ తీయించింది అందుకే. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్, బ్యూటీ ఫిల్టర్ ఆపేసి, కంటి కింద బుగ్గకి ఆనించి తెల్లకాగితం పట్టుకుని తీయాలి. ఒకటి మామూలుగా, ఇంకొకటి కిందికి చూస్తుండగా పైరెప్ప మెల్లగా ఎత్తి. రెండో ఫోటోలో కాగితమూ తెల్లగా ఉంది, రెప్ప కింద గుడ్డూ తెల్లగా ఉంది. ముక్కు వైపు చిన్న పసుపు బుడిపె, రెప్పల మధ్య బయటికి కనిపించే చోట కొంచెం గోధుమ రంగు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎండా దుమ్మూ తగిలిన కళ్లలో అవి మామూలే. కామెర్లు అలా ఒక మచ్చగా రావు. రెండు కళ్లలోనూ తెల్లగుడ్డంతా, ఎండ తగలని రెప్ప కింద కూడా, పరుచుకుంటాయి.

కానీ దీని రెండో వైపు నువ్వు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో తెలిసినవాళ్లు ఒకాయన కళ్ల ఫోటో పంపారు. నీలపు ఛాయ ట్యూబ్‌లైట్ కింద తీసింది, గుడ్డు తెల్లగా ఉంది. "ఏం లేదులే" అన్నాను. రెండ్రోజులకి ఆయన వస్తే వరండాలో పగటి వెలుతురులో చూశాను, కళ్లు స్పష్టంగా పచ్చగా ఉన్నాయి. మూత్రం ముదురు టీ డికాక్షన్ రంగులో వస్తోందట, ఆ మాట నేనే అడగలేదు. ఆ రోజు నుంచి ఫోటో చూసి "లేదు" అని ఎవరికీ చెప్పలేదు. కామెర్లలో కళ్లని పచ్చబరిచే పదార్థం బిలిరుబిన్, అది మామూలుగా డెసిలీటరు రక్తంలో సుమారు 1 మిల్లీగ్రాము లోపు ఉంటుంది. 2.5, 3 దాకా పెరిగితేగానీ కంట్లో పసుపు తెలియదు. కాబట్టి ముదురు రంగు మూత్రం, సున్నంలా తెల్లటి మలం, ఒంటి దురద, అన్నం సహించకపోవడం, వీటిలో ఏదున్నా ఫోటో ఎలా ఉన్నా రక్తపరీక్ష చేయించు.

ఎర్రటి కళ్ల విషయంలో రంగు కంటే ఆకారం చూడు. ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. నిజంగా ఎర్రబడితే జీరలు సన్నటి నల్లగీతలుగా మిగులుతాయి. వెలుతురు వల్ల వచ్చిన గులాబీ ఛాయ అయితే ఏమీ మిగలదు. వాట్సాప్‌లో ఫోటో చిన్నదై వచ్చినప్పుడు సన్నటి జీరల రంగు చుట్టూ అలుక్కుపోయి కన్నంతా ఎర్రగా అనిపిస్తుంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపమంటాను. గీత గీసినట్టు ఒకేచోట నిండు ఎరుపు ఉండి, చుట్టూ తెల్లగా, నొప్పి లేకుండా ఉంటే పైపొర కింద రక్తం చిమ్మినట్టు. సాధారణంగా రెండు మూడు వారాల్లో పోతుంది. దెబ్బ తగిలి వచ్చినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టరుకి చూపించాలి. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయంలా ఉండి, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక ఉంటే మాత్రం ఫోటోలు తీస్తూ కూర్చోకు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

అత్తయ్యది కాగితంతో తీసిన ఆ పొద్దుటి ఫోటో చెరిపేయకు. మళ్లీ ఎప్పుడైనా అనుమానం వస్తే అదే కిటికీ దగ్గర, అదే వేళకి తీసి, దాని పక్కన పెట్టి చూడు.

పెద్దమ్మ