మినిట్స్ నుంచి ప్రెస్ నోట్ రాసేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో కార్యదర్శిగా కొత్తగా చేరాను. గత పాలకవర్గ సమావేశం మినిట్స్ ఆమోదం పొందాయి. "బయటికి చెప్పదగ్గవి మాత్రం ప్రెస్ నోట్‌గా ఇవ్వండి" అని అధ్యక్షుడు అన్నారు. చెప్పదగ్గవి ఏవో నేనెలా తేల్చుకోవాలి?

జవాబు: అది మీరు తేల్చాల్సిన విషయం కాదండి. పాలకవర్గమే తేల్చి, తీర్మానంగా రాయించాలి. నేను చాలా ఏళ్లు ఇలాంటి సంఘంలోనే కార్యదర్శిగా పనిచేశాను, ప్రెస్ నోట్లన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. మినిట్స్ ఆమోదించారంటే సమావేశంలో జరిగింది సరిగ్గా రాశారని ఒప్పుకున్నారని మాత్రమే. పత్రికలకు ఇవ్వమని దానర్థం కాదు. అందుకే ముందు మినిట్స్ పుస్తకంలో "ఫలానా అంశాలను పత్రికలకు తెలియజేయుటకు తీర్మానించడమైనది" అనే వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే, వెల్లడి విషయంలో అధ్యక్షుడికి అధికారం ఇస్తూ పాత తీర్మానం ఏదైనా ఉందా, మీ బైలాస్ ఏమంటున్నాయి అని చూడండి. అవీ లేకపోతే తర్వాతి సమావేశం దాకా ఆగండి. నోటిమాట మీద మాత్రం రాయొద్దు. రేపు ఒక డైరెక్టర్ అభ్యంతరం చెబితే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

తీర్మానం ఉందనుకుందాం. అంకెలు మార్చి ఒక ఉదాహరణ చెబుతాను. నాలుగో అంశం గేదె పాల సేకరణ ధర. చర్చలో ఇద్దరు డైరెక్టర్లు కిలో ఫ్యాట్‌కు, అంటే పాలలో ఉండే కిలో వెన్నకు, 800 రూపాయలు అడిగారు. అంత ఇస్తే ఎంత భారం పడుతుందో మేనేజర్ లెక్క చెప్పారు. పక్క మండలంలో ఒక ప్రైవేటు డెయిరీ ఎంత ఇస్తోందో మాట్లాడుకున్నారు. చివరికి వచ్చే నెల 1వ తేదీ నుంచి 760ని 780 చేయాలని తీర్మానించారు. ఏడో అంశం కొత్త శీతలీకరణ కేంద్రం. దానికి స్థలం చూశారు, యజమాని ధర చెప్పాడు, బేరం నడుస్తోంది. తొమ్మిదో అంశం ఒక ఉద్యోగి మీద విచారణ. వెల్లడికి అనుమతించినవి రెండే: నాలుగో అంశం మీది తీర్మానం, ఏడో అంశంలో కేంద్రం పెట్టాలన్న నిర్ణయం.

నాలుగో అంశంలో ప్రెస్ నోట్‌కి వెళ్లేది తీర్మానం భాగం ఒక్కటే. చర్చ ఒక్క ముక్క కూడా వెళ్లదు. "సుదీర్ఘ చర్చ అనంతరం" అని రాసినా భేదాభిప్రాయాలు వచ్చాయని చెప్పినట్టే. మినిట్స్‌లో "ఏకగ్రీవంగా" అని లేకుండా ఆ మాట చేర్చితే అది అబద్ధం. ఉన్నా, దాన్ని వెల్లడించమన్నారో లేదో చూడాలి. తీర్మానంలో ఏ క్రియ ఉందో అదే వాడండి. "పరిశీలించాలని" ఉంటే "నిర్ణయించింది" అని రాయకూడదు. "సర్వసభ్య సమావేశం ఆమోదానికి లోబడి" అని ఉంటే, వాక్యం పొడుగైనా సరే, ఆ షరతు కొట్టేయకూడదు.

ధర దగ్గర ఇంకో చిక్కు ఉంది. కిలో ఫ్యాట్‌కు 20 రూపాయలు అని ఇస్తే, తెల్లారేసరికి "లీటరుకు 20 రూపాయల పెంపు" అని పేపర్లో రావచ్చు. రైతులు బిల్లు పట్టుకుని కేంద్రం దగ్గర గొడవకు దిగుతారు. నిజానికి 6 శాతం వెన్న ఉన్న లీటరు పాలలో ఫ్యాట్ 62 గ్రాములకు అటూఇటూ ఉంటుంది కాబట్టి రైతుకు అదనంగా దక్కేది సుమారు రూపాయి పావలా. 8 శాతం ఉంటే రూపాయిన్నర దాటుతుంది. ఈ వివరణ నోట్‌లో ఉండాల్సిందేనని నా గట్టి నమ్మకం. కానీ మినిట్స్‌లో లేని లెక్కను మీ అంతట మీరు చేర్చకూడదు. అందుకే ధర మార్పు ఎజెండాలో ఉన్నప్పుడు నేను ముందే "6 శాతం వెన్న గల లీటరుకు సుమారు ఇంత" అనే వాక్యాన్ని ముసాయిదా తీర్మానంలోనే పెట్టేవాణ్ణి. పాలకవర్గం దాన్నీ ఆమోదించేది. ఇప్పుడు అది లేకపోతే "ఈ పెంపు లీటరుకు కాదు, కిలో ఫ్యాట్‌కు" అన్న ఒక్క వాక్యం రాయండి. అది తీర్మానంలో ఉన్నదే, కొత్త సమాచారం కాదు.

ఏడో అంశంలో "మరో శీతలీకరణ కేంద్రం ఏర్పాటు చేయాలని నిర్ణయించింది" అనేంత వరకే. ఊరి పేరు రాస్తే ఆ ఊళ్లో స్థలాల ధర మర్నాడే పెరుగుతుంది. ఊరి పేరు తీసేసి "హైవే పక్కన" అని రాసినా తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. దాచాల్సిన దాన్ని పేరుతోనే కాదు, ఆనవాళ్లతో కూడా చెప్పకూడదు.

తొమ్మిదో అంశం అసలు ఉన్నట్టే కనిపించకూడదు. "మరికొన్ని పరిపాలనా అంశాలపైనా చర్చించారు" అని రాస్తే విలేకరి మొదటి ప్రశ్న దాని గురించే. అంశాల నంబర్లు కూడా తీసేయండి. 4, 7 అని కనిపిస్తే మధ్యలో ఏమున్నాయని అడుగుతారు. ఆ విచారణ లైంగిక వేధింపుల ఫిర్యాదు మీదైతే పాలకవర్గం అనుమతించినా ఇవ్వడానికి వీల్లేదు. 2013 చట్టం 16వ సెక్షన్ ఫిర్యాదులోని విషయాలు, ఇరుపక్షాల, సాక్షుల వివరాలు, విచారణ సంగతులు పత్రికలకు చెప్పడాన్ని నిషేధించింది. బాధితురాలికి న్యాయం జరిగిందన్న సంగతిని, ఎవరో గుర్తుపట్టే వివరాలు లేకుండా చెప్పడానికి మాత్రం అనుమతిస్తుంది.

"ఆర్టీఐలో ఎలాగూ బయటికొస్తుంది, మనమే చెప్పేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ప్రభుత్వ నియంత్రణ గానీ, ప్రభుత్వం నుంచి గణనీయమైన నిధులు గానీ లేని సహకార సంఘాలు ఆర్టీఐ కిందికి రావని సుప్రీంకోర్టు 2013లో తలప్పాలం సర్వీస్ కోఆపరేటివ్ బ్యాంక్ కేసులో చెప్పింది. మీ సంఘం సంగతి మీ నిధులను బట్టి ఉంటుంది. ఎలా ఉన్నా, అడిగితే ఇవ్వాల్సి రావడం వేరు, అడగకముందే పేపర్‌కి ఇవ్వడం వేరు.

రాశాక నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. ప్రింట్ తీసి, ప్రతి వాక్యం పక్కన అది ఏ తీర్మానం నుంచి వచ్చిందో పెన్సిల్‌తో నంబరు వేస్తాను. నంబరు దొరకని వాక్యం, ఎంత బాగున్నా, కొట్టేస్తాను. ఎక్కువగా కొట్టివేతకు గురయ్యేది అధ్యక్షుడి పేరుతో రాసే "రైతుల సంక్షేమమే మా ధ్యేయం" లాంటి మాటలే. ఆయన నిజంగా అనాలనుకుంటే ఆయన చేతే రాయించి సంతకం తీసుకోండి. పై ఉదాహరణకు మిగిలే నోట్ ఇంతే:

"సంఘం పాలకవర్గం ఇటీవలి సమావేశంలో గేదె పాల సేకరణ ధరను కిలో ఫ్యాట్‌కు రూ.760 నుంచి రూ.780కి పెంచాలని తీర్మానించింది. కొత్త ధర వచ్చే నెల 1వ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. ఈ పెంపు లీటరుకు కాదు, కిలో ఫ్యాట్‌కు. సంఘం తరఫున మరో పాల శీతలీకరణ కేంద్రం ఏర్పాటు చేయాలని పాలకవర్గం నిర్ణయించింది."

చిన్నగా ఉందని కంగారు పడకండి, విలేకరికి కావాల్సింది ఇందులో ఉంది. "వచ్చే నెల" బదులు అసలు తేదీ వేయండి. పెన్సిల్ నంబర్లున్న ప్రతి మీద అధ్యక్షుడి సంతకం తీసుకుని ఫైల్లో పెట్టండి. బయటికి పీడీఎఫ్ పంపండి. వర్డ్ ఫైల్ పంపితే కొట్టేసిన మాటలు ట్రాక్ చేంజెస్‌లో కనిపించవచ్చు. ఫోన్ చేసి "కేంద్రం ఎక్కడండీ?" అని అడిగితే "నోట్‌లో ఉన్నంత వరకే చెప్పగలనండి" అనండి. "ఇంకా ఖరారు కాలేదు" అనొద్దు, అదీ మినిట్స్‌లోని సంగతే అవుతుంది.