వైవాలో 17వ నంబరు బోరు

అమ్మడూ,

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద నీ పీహెచ్‌డీ వైవాకని నువ్వు పంపిన 62 స్లైడ్లూ చూశాను. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి, మీ అత్తయ్య వచ్చి లైటు తీసేసే వేళకి 40వ దాని దగ్గర ఉన్నాను. నీకు వాళ్లిచ్చేది ముప్పావు గంట. అందులో పరిచయాలూ, బొకేలూ పోను అరగంట మిగిలితే గొప్ప. ఆ అరగంటలో 62 స్లైడ్లు చూపించేవాళ్లని ఎక్స్‌టర్నల్ పరీక్షకుడిగా వెళ్లినచోటల్లా చూశాను. 20వ నిమిషానికి గైడు గడియారం చూస్తాడు, స్కాలర్ వేగం పెంచుతుంది, అసలు ఫలితాలు ఉన్న స్లైడ్లే పరిగెత్తిపోతాయి.

స్లైడ్ల సంగతి తరవాత. నువ్వు స్లైడ్లు ముందు చేసి, పరీక్షకుడి రిపోర్టు తరవాత చదివావు. తలకిందులుగా చేశావు. ఎందుకో చెబుతా.

ఆ గదిలో ఎవరెవరుంటారో ఒకసారి అనుకో. ముందు వరసలో ఎక్స్‌టర్నల్, పక్కన మీ గైడు, హెడ్డు, డీను. వాళ్ల వెనక డిపార్ట్‌మెంటు మేష్టర్లు. వాళ్లలో సగంమందికి నీటి రసాయనం తెలీదు, శిలాజాలో, రిమోట్ సెన్సింగో వాళ్ల లోకం. ఆ వెనక జూనియర్ స్కాలర్లు. చివర్న మీ అమ్మ, తమ్ముడు, సంచిలో దండా శాలువా పెట్టుకుని. యూజీసీ నిబంధనల్లో రెండు మాటలూ ఉన్నాయి. వైవా పరీక్షకుల రిపోర్టుల్లోని విమర్శల మీద నడవాలి, మిగతా అధ్యాపకులూ స్కాలర్లూ వచ్చి వినొచ్చు. నీ చిక్కంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. థీసిస్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాడు ఒక్కడు, అట్ట కూడా చూడనివాళ్లు నలభైమంది. తేల్చేది ఆ ఒక్కడే.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. రిపోర్టులు అనుకూలంగా వచ్చాకే వైవా పెడతారు. అంటే ఆయన నీ పనిని ఇప్పటికే ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆయన చూసేది వేరు: ఈ పని ఈ పిల్లే చేసిందా, తను రాసింది తనకి తెలుసా, ఎక్కడ బలహీనంగా ఉందో తనకి తెలుసా? 1937 నుంచీ ఫ్లోరోసిస్ చరిత్ర 12 స్లైడ్లలో పెట్టావు. దర్శి, పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవనీ, అక్కడి ఎముకల జబ్బు గురించి అప్పుడే వైద్యులు రాశారనీ ఆయనకి నీకంటే ముందే తెలుసు. నీ నోటంట వింటే ఆయన మనసులో ఒక్క ప్రశ్నకీ జవాబు దొరకదు. ఆ 12నీ ఒకటి చెయ్యి.

ఇప్పుడు రిపోర్టు. ఆయన రాసినవి మూడు. ఏడు శాంపిళ్లలో ధన అయాన్లకీ రుణ అయాన్లకీ లెక్క ఎందుకు కుదరలేదు? చాలా శాంపిళ్లలో నీరు ఫ్లోరైట్ ఖనిజంతో సంతృప్తం కాలేదని నువ్వే చూపించి, ఫ్లోరైడ్ ఫ్లోరైట్ నుంచే వచ్చిందని ఎలా తేల్చావు? మూడోది మ్యాపులో స్కేలు లేదని. అది సరిచేసి ఊరుకో, దాని గురించి నోరెత్తకు. మిగతా రెంటికీ నువ్వు 58 నుంచి 62 దాకా 'పరీక్షకుల ప్రశ్నలకు జవాబులు' అని పెట్టుకున్నావు. అక్కడికి వచ్చేదాకా ఆయన తన ప్రశ్న పట్టుకుని కూర్చుంటాడు, నువ్వు చెప్పే మిగతాదేదీ ఆయనకి ఎక్కదు. ఆ జవాబులు ప్రసంగం నడుమ, ఆ డేటా వచ్చేచోటే రావాలి. ప్రశ్న ఆయనదని కూడా అనక్కర్లేదు. చెప్పుకుంటూ పోతుంటే ఆయనే గుర్తుపడతాడు.

మరి వెనక వరసలవాళ్లో? చాలామంది కాసేపు జనానికి, కాసేపు పెద్దాయనకి అని పంచుతారు. ఇద్దరూ సగం సగం వింటారు. నా మాట విని ఒక్క బోరుని పట్టుకో. మొదటి స్లైడు నుంచి చివరిదాకా అదే బోరు. మీ అమ్మకి అది ఊళ్లో బోరు, జూనియర్లకి శాంపిల్ తీసే పద్ధతి, ఆయనకి ఒక వరస అంకెలు.

ఏ బోరన్నది ఆలోచించాలి. నువ్వు 31వ నంబరు పెట్టావు, ఫ్లోరైడ్ అందులోనే ఎక్కువని, లీటరుకి 7.8 మిల్లీగ్రాములని. కానీ నీ అనుబంధం తిరగేస్తే లెక్క కుదరని ఏడింటిలో అదొకటి! ఆయన రెండో నిమిషంలోనే పట్టుకుంటాడు. 17 తీసుకో. లీటరుకి ఫ్లోరైడ్ 4.2, కాల్షియం 22, లెక్క రెండు శాతం తేడాలో కుదిరింది. దానికి 300 మీటర్ల దూరంలోనే నీ 18వ శాంపిల్, పాత దిగుడుబావి: ఫ్లోరైడ్ 0.9, కాల్షియం 78. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కి బీఐఎస్ ప్రమాణం 1.0, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒకే ఊరు, ఒకే వీధి చివర, ఒకటి తాగొచ్చు, ఒకటి తాగకూడదు. రెంటి ఫోటోలూ పక్కపక్కన పెట్టి, కింద ఆ రెండు అంకెలు వెయ్యి. నువ్వు ఇంగ్లీషులోనే చెబుతావు, అయినా ఈ స్లైడు మీ అమ్మకి అర్థమవుతుంది. పెద్దాయనకీ ఇక్కడే ఆసక్తి పుడుతుంది, ఎందుకంటే ఆయన చూసేది ఫ్లోరైడ్ అంకె కాదు, కాల్షియం అంకె. ఇంత తేడా ఎందుకు అని అడిగి, జవాబు చెప్పకుండా పద్ధతికి వెళ్లు. ఇదంతా నాలుగు నిమిషాలు.

పద్ధతిలో వాడిన మిషన్ల పేర్లన్నీ చదవకు. 17 దగ్గర రెండు సీసాలు నింపావు కదా, ఒకదాంట్లో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి, ఒకటి ఉత్తది. ఆ రెండు సీసాలే చూపించు. ఇక్కడే మొదటి ప్రశ్నకి జవాబు ఉంది. నువ్వేం రాశావు? 'సీసాలో కాల్సైట్ అడుగున పేరుకోవడం వల్ల తేడా వచ్చింది' అని. అలా అంటే ఆయన నవ్వుతాడు. కాల్సైట్ పేరుకుంటే కాల్షియం ఎంత తగ్గుతుందో, తుల్యభారాల్లో బైకార్బొనేటూ అంతే తగ్గుతుంది. ఒకే సీసా అయితే లెక్క చెడదు. నీది చెడింది ఎందుకంటే, కాల్షియం ఆమ్లం వేసిన సీసాలో కొలిచావు, అక్కడ ఏదీ పేరుకోదు. బైకార్బొనేట్ ఉత్త సీసాలో కొలిచావు, అదీ వారం ఆలస్యంగా. అందుకే ఏడింటిలోనూ ధన అయాన్లే ఎక్కువ వచ్చాయి, ఏడూ వానల తరవాత తీసినవే. ఈ మాట సూటిగా చెప్పు: 'ఈ ఏడింటిలో బైకార్బొనేట్ తక్కువగా వచ్చింది, అందుకని బైకార్బొనేట్ అవసరమైన లెక్కల్లో వీటిని తీసేశాను, తీసేసినా ఫలితం మారలేదు.' తీసేసి మళ్లీ లెక్క వెయ్యలేదంటే ఈ వారంలో వెయ్యి, లేకపోతే ఆ వాక్యం అనకు.

నా వైవాలో నేను చేసిన నిర్వాకం నీకెప్పుడూ చెప్పలేదు. ప్లాస్టిక్ షీట్ల మీద పెన్నుతో రాసుకుని ప్రొజెక్టరు మీద పెట్టే రోజులు. రెండు శాంపిళ్లు లెక్క తప్పాయని ఆ షీటే తీసుకెళ్లలేదు. ఆయన థీసిస్ తెరిచి, పేజీ నంబరు చెప్పి, 'ఆ షీటు ఏదీ?' అన్నాడు. తరవాతి ఇరవై నిమిషాలూ ఆ రెండు శాంపిళ్ల మీదే నడిచింది. డిగ్రీ వచ్చిందనుకో, కానీ ఫ్యాను కింద నుంచుని చొక్కా తడిసింది.

రెండో ప్రశ్న దగ్గర నువ్వు కాస్త తగ్గాలి. ముందు అందరికీ ఇలా చెప్పు: నీళ్లలో కాల్షియం ఉన్నంతసేపూ ఫ్లోరైడ్ ఒక మట్టం దాటి పెరగడానికి వీల్లేదు, పెరిగితే ఫ్లోరైట్‌గా విడిపోతుంది. గ్రానైట్ పగుళ్లలో నీరు ఎక్కువకాలం నిలిస్తే బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం కాల్సైట్‌గా విడిపోతుంది. కాల్షియం తగ్గేసరికి ఫ్లోరైడ్‌కి ఆ అడ్డు సడలుతుంది. 17లో 22, దిగుడుబావిలో 78. మొదట వదిలేసిన ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది, వెనక వరస కూడా తల ఊపుతుంది. ఆ వెంటనే, ఆగకుండా, ఆయన కోసం రెండు వాక్యాలు: 17లో ఫ్లోరైట్ సంతృప్త సూచిక సుమారు -0.3, అంటే నీరు ఇంకా ఆ మట్టానికి చేరలేదు. ఫ్లోరైడ్ ఎంతవరకు పెరగొచ్చో సూచిక చెబుతుంది గానీ, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదు. కాబట్టి 'ఫ్లోరైట్ నుంచే' అన్న మాట వదిలేసి, 'ఫ్లోరిన్ ఉన్న ఖనిజాల నుంచి, బయొటైట్, అపటైట్ సహా' అను. నీ రాతి పలచని కోతల్లో బయొటైట్ కనపడుతూనే ఉందిగా. థీసిస్‌లో రాసినదానికంటే ఇది చిన్న మాటే, కానీ ఆయన వినాలనుకున్నది ఈ మాటే. దీన్ని ప్రశ్నల వేళకి దాచుకుంటే ఆయన నీతో అనిపించినట్టవుతుంది, ముందే అంటే నువ్వే తెలుసుకున్నట్టవుతుంది.

ఇక్కడికి 20 నిమిషాలు అయ్యుండాలి. మిగతా 47 బావులూ ఒక్క మ్యాపులో చూపించి, 17 కథ ఎక్కడ నడుస్తుందో, ఎక్కడ నడవదో చెప్పు. కాలవ నీరు పారే నాలుగు ఊళ్లలో నడవదు కదా, అదీ చెప్పు. అక్కడితో ఆపెయ్.

ప్రతి స్లైడుకీ కింద కుడిమూల థీసిస్ పేజీ నంబరు వెయ్యి, కాస్త పెద్ద అక్షరాల్లో. మేం పుస్తకం ముందేసుకుని కూర్చుంటాం. పేజీలు తిప్పుతుంటే స్కాలర్లు బెదిరిపోతారు, విసుగనుకుని. విసుగు కాదు, నువ్వు చెప్పేది ఎక్కడుందో వెతుకుతున్నాం. నంబరు కనపడితే ఆ పేజీ తీసి పెన్సిల్ పట్టుకుంటాం. ఆయన విషయసూచికకి వెళ్లాడంటే మాత్రం నువ్వు తప్పిపోయావని అర్థం. ఆగి, '114వ పేజీ సార్' అని చెప్పి సాగు.

మధ్యలో ఆపి అడిగితే 'తరవాతి స్లైడ్లో వస్తుంది సార్' అనకు. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముందుకు పద. అలా రెండుసార్లు ఆపితే అయిదు నిమిషాలు పోతాయి, అందుకని ఏ మూడు స్లైడ్లు వదిలెయ్యాలో ఇప్పుడే గుర్తు పెట్టుకో. గణాంకాలవి వదలొచ్చు. రెండు సీసాలది, సంతృప్త సూచికది వదలడానికి లేదు.

చూపు సంగతి. ఆయన్నే చూస్తూ మాట్లాడితే ఆయనకే ఇబ్బంది. బావుల ఫోటోలప్పుడు వెనక్కి చూడు, సూచిక అన్నప్పుడు ఆయన వైపు. వెనకనుంచి ఎవరో మేష్టారు నల్గొండ పద్ధతి గురించి, పటిక, సున్నం వేసి నీరు శుద్ధి చెయ్యడం గురించి అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అది నీ థీసిస్‌లో లేదు. లేదని చెప్పి, తెలిసినంత రెండు ముక్కలు చెప్పు. ఎక్స్‌టర్నల్ అప్పుడు నీ జవాబు వినడు, తెలియనిచోట నువ్వెలా మాట్లాడతావో చూస్తాడు.

కొత్త స్లైడ్లు గురువారం లోపు పంపు, మొత్తం 25కి మించకుండా. మీ అమ్మని చివరి వరసలో కాకుండా మధ్యలో కూర్చోబెట్టు, దిగుడుబావి ఫోటో అక్కణ్ణించైతే కనపడుతుంది.

మీ మావయ్య