అత్యవసర నిధి లేకుండా 4 లక్షల అప్పుతో ఆర్డర్ సిస్టమా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. నెలకు 2 లక్షల అమ్మకాలు, ఖర్చులు పోను 45 వేలు మిగులుతాయి. అందులో 30 వేలు ఇంటికే వాడతాం. ఆర్డర్లు తప్పిపోతున్నాయి. రెడీమేడ్ ఆన్‌లైన్ స్టోర్‌కు నెలకు 2 వేల అద్దె, చెల్లింపులపై 2 శాతం ఛార్జీ. సొంతంగా ఆర్డర్ సిస్టం చేయించుకుంటే 4 లక్షలు, నిర్వహణకు ఏటా 60 వేలు. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. చేతిలో 60 వేలున్నాయి. ఏది మేలు?

జవాబు: రెడీమేడ్ స్టోరే తీసుకోండి. ఆ అప్పు మాత్రం వద్దు. సొంత సిస్టం ఉంటే 2 శాతం మిగులుతుందని చాలామంది పొరబడుతుంటారు. కార్డులు, ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకోవాలంటే అక్కడా పేమెంట్ గేట్‌వే పెట్టుకోవాల్సిందే. 2 లక్షలూ దాని ద్వారానే వస్తే 4,000, దానిపై 18 శాతం జీఎస్టీ 720, మొత్తం 4,720 రూపాయలు. ఇది రెండు దారుల్లోనూ తప్పదు.

ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 15 వేలు. అప్పు తీసుకుంటే వాయిదా సుమారు 13,870, నిర్వహణ 5 వేలు, గేట్‌వే 4,720. అంటే నెలనెలా దాదాపు 8,600 లోటు. చేతిలోని 60 వేలు ఏడు నెలల్లో కరిగిపోతాయి, వాయిదాలు మాత్రం ఇంకా 29 ఉంటాయి. ముద్ర రుణం తీసుకుంటే వడ్డీ కాస్త తగ్గుతుందేమో, తీర్చాల్సిన అసలు మొత్తం తగ్గదు కదా!

ఇంతకీ ఆ 60 వేలు నిజంగా మీ చేతిలో ఉన్నట్టేనా? వేసవి వస్తే మామిడికాయలు, కారం, ఆవపిండి, నూనె ఒక్కసారే కొనాలి. ఏడాది పొడవునా అమ్మే సరుకుకు డబ్బు ఆ కొద్ది వారాల్లోనే పెట్టాలి. అప్పుడు ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఏం చేస్తారు? అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1.8 లక్షలు, వ్యాపారం డబ్బుతో కలపకుండా వేరే ఖాతాలో ఉండాలి. స్టోర్ అద్దె, గేట్‌వే ఛార్జీ పోయినా మీకు నెలకు 8,280 మిగులుతాయి. అది మొత్తం అక్కడికే వెళ్లాలి. ఈ 60 వేలు వేసవి సరుకు కోసం అలాగే ఉంచండి.

స్టోర్‌కు ఏడాది అద్దె ఒకేసారి కట్టకండి, ఒక నెల వాడి చూడండి. పావు కిలో, అర కిలో, కిలో సీసాలకు వేర్వేరు ధరలు, బరువును బట్టి కొరియర్ ఛార్జీ సరిగ్గా పడుతున్నాయా? ఆర్డర్లు, కొనుగోలుదారుల వివరాలు ఎక్సెల్ ఫైల్‌గా దించుకోవచ్చా? ఈ రెండూ కుదరకపోతే మరో ప్లాట్‌ఫారం వెతకండి. వెబ్‌సైట్ పేరు మీ పేరుమీదే నమోదు చేయించుకోండి.

ఏటా 24 లక్షల అమ్మకాలంటే తెలంగాణలో జీఎస్టీ నమోదుకున్న 20 లక్షల పరిమితి దాటినట్టే. ఇంకా నమోదు కాకపోతే స్టోర్ కంటే ముందు ఈ వారంలోనే ఆడిటర్‌ను కలవండి.